జర్నల్ పేపర్ రివిజన్‌కు గడువు పొడిగింపు అడిగే ముందు చూసుకోవాల్సినవి

గడువు దాటకముందే అడగండి, కనీసం వారం ముందు. చాలా జర్నళ్ల సిస్టమ్‌లో తేదీ దాటితే రివిజన్ లింక్ మూసుకుపోతుంది. ఆ తర్వాత పంపితే కొత్త పేపర్‌గా లెక్కగట్టవచ్చు, అంటే కొత్త రివ్యూయర్లు, మొదటి నుంచి మళ్లీ అదే తంతు.

"కొంత సమయం" అనకుండా తేదీ రాయండి. ఎడిటర్ సిస్టమ్‌లో మార్చాల్సింది ఆ తేదీనే. తక్కువ అడిగి రెండోసారి అడుక్కోవడం కంటే, సహరచయితలు చదవడానికి పట్టే రోజులు కూడా కలిపి ఒకేసారి అడగడం మేలు.

కారణాన్ని రివ్యూయర్ వ్యాఖ్యకు ముడిపెట్టండి. "పనుల ఒత్తిడి" అందరికీ ఉండేదే. ఇలా రాస్తే సరిపోతుంది:

"గౌరవనీయులైన ఎడిటర్ గారికి, మా పేపర్ (నంబరు ఇక్కడ) రివిజన్ గడువు మార్చి 10. రెండో రివ్యూయర్ అడిగిన కంట్రోల్ ప్రయోగానికి మూడు వారాలు పడుతుంది. మిగతా వ్యాఖ్యలకు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. దయచేసి ఏప్రిల్ 7 వరకు గడువు ఇవ్వగలరా?"

అనారోగ్యమో ఇంటి సమస్యో అయితే ఒక్క వాక్యం చాలు, వివరాలు, సర్టిఫికెట్లు అక్కర్లేదు.

పేపర్ నంబరు సబ్జెక్టులోనే పెట్టండి. మెయిల్ ముందుగా చూసేది తరచూ ఎడిటోరియల్ ఆఫీసు సిబ్బందే.

"సరే" అని జవాబొచ్చాక లాగిన్ అయి, అక్కడ తేదీ మారిందో లేదో చూడండి. మెయిల్‌లో ఒప్పుకున్నా సిస్టమ్‌లో మార్చడం మరిచిపోతుంటారు.