హాట్ యోగాలో లెగ్గింగ్స్ పలుచబడి కనిపిస్తుంటే: కారణం, పరిష్కారం

సమస్య ఇలా మొదలవుతుంది. ఇంట్లో అద్దం ముందు వంగి చూసుకుంటే లెగ్గింగ్స్ నిండుగానే ఉంటాయి. సుమారు 40 డిగ్రీల వేడి గదిలో అరగంట గడిచి, ముందుకు వంగే ఆసనం వేసేసరికి వెనుక లోదుస్తుల అంచు స్పష్టంగా కనిపిస్తుంది.

పొడిగా ఉన్నప్పుడే కనిపిస్తే సైజు చిన్నదైనా అయి ఉండాలి, కుర్తీ కింద వేసుకునే పలుచని రకమైనా అయి ఉండాలి. తుంటి కొలత టేపుతో తీసుకుని, ఆ తయారీదారు ఇచ్చిన పట్టికతో పోల్చండి. ఈ రెండు నిమిషాల పని మానేసి గుడ్డను నిందించేవారే ఎక్కువ.

పొడిగా బాగుండి, తడిసినప్పుడే కనిపిస్తే కారణం చెమట. నేనూ మొదట్లో దీన్ని పట్టుకోలేక రెండు జతలు వృథా చేశాను. పొడి గుడ్డలో దారాల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు దారానికీ గాలికీ మధ్య మారిన ప్రతిసారీ చెదిరిపోతుంది కాబట్టి లోపలిది కనిపించదు. ఆ ఖాళీలను చెమట నింపితే వెలుతురు అంతగా చెదరదు, గుడ్డను దాటి చర్మం దాకా పోయి తిరిగి వస్తుంది. తడిసిన తెల్ల పంచెలోంచి ఒళ్లు కనిపించేది ఇందుకే. సాగిన గుడ్డలో ఖాళీలు పెద్దవవుతాయి కనుక వంగినప్పుడు ఇది మరీ ఎక్కువ.

నాతో సాధన చేసే ఒకామె లేత బూడిద రంగు జతను ఇలా పరీక్షించాము. వెనుక భాగంలో సుద్దతో 10 సెంటీమీటర్ల గీత గీసి, ఆమె వేసుకుని గొంతుకూర్చున్నప్పుడు కొలిస్తే అది 14 అయింది. విప్పిన తరువాత లోపల దినపత్రిక పెట్టి, ఒక్క పొరనే 14 వరకు సాగదీశాము. అక్షరాల జాడ లేదు. అదే చోట తడిపి మళ్లీ సాగదీస్తే శీర్షిక చదవగలిగాము. ఆ జతను కుట్టుతో బాగుచేయలేము. చర్మపు రంగుకు దగ్గరగా ఉండే, అతుకులు లేని లోదుస్తులతో దాన్ని ఏసీ జిమ్‌కు వాడుకోవచ్చు. వేడి గదికి మాత్రం ముదురు రంగులో, ఇంటర్‌లాక్ అనే దట్టమైన జంట అల్లికతో ఉన్న నైలాన్ లేదా పాలిస్టర్, స్పాండెక్స్ కలిసిన గుడ్డ తీసుకుని, ఈ తడి పరీక్ష చేశాకే వేసుకోండి. ఒక సైజు పెంచితే సాగుదల తగ్గుతుంది, కానీ నడుము పట్టీ వదులై తడి బరువుకు జారుతుంటే వెనక్కి తగ్గండి.

గుడ్డ చెమట పీల్చకుండా, చెమట ఒంటి మీద కారిపోతుంటే, ఉతికేటప్పుడు ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయడం ఆపండి. అది దారాల మీద పొరగా పేరుకుంటుంది. కొన్నప్పుడు బిగువుగా ఉన్న నడుము ఇప్పుడు జారుతుంటే, వేడినీళ్లకూ డ్రైయర్‌కూ స్పాండెక్స్ బలం పోయిందని అర్థం, అది తిరిగి రాదు. సాగినప్పుడు ప్రింటు తెల్లబారవచ్చు. కింది తెల్ల గుడ్డ బయటపడడమే తప్ప అది పారదర్శకత కాదు.