ఇంట్లోనే న్యూక్లియర్ ఫిజిక్స్ – 4వ పాఠం: ఇనుము కేంద్రకం బంధన శక్తి, ఎలక్ట్రాన్ల లెక్క

పోయిన పాఠంలో ఐసోటోపుల ద్రవ్యరాశుల పట్టికను చదవడం నేర్చుకున్నాం. ఈసారి ఆ పట్టికలోంచి ఒకే ఒక్క అంకె తీసుకుని, ఇనుము-56 కేంద్రకం ఎంత గట్టిగా అతుక్కుని ఉందో లెక్కగడదాం. కాలిక్యులేటర్, కాగితం దగ్గర పెట్టుకోండి. చదువుకుంటూ పోతే ఈ పాఠం రాదు, లెక్క చేయాలి.

26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లను విడివిడిగా తూచి కలిపితే ఒక మొత్తం వస్తుంది. అవే 56 కలిసి కేంద్రకంగా మారాక తూస్తే బరువు కాస్త తగ్గుతుంది. ఆ తేడాయే ద్రవ్యరాశి లోపం. పేరులో లోపం అని ఉన్నా అందులో ఒక్క కణం కూడా తగ్గలేదు. కణాలు అతుక్కునేటప్పుడు బయటికి వెళ్లిపోయిన శక్తి తనతో పాటు అంత ద్రవ్యరాశినీ తీసుకుపోయింది. కేంద్రకాన్ని మళ్లీ విడగొట్టాలంటే అంత శక్తినీ మనం తిరిగి ఇవ్వాలి. అదే బంధన శక్తి. దాన్ని 56తో భాగిస్తే ఒక్కో న్యూక్లియాన్ వాటా తెలుస్తుంది.

అసలు చిక్కు పట్టికతోనే వస్తుంది. అందులో ఉండేది కేంద్రకం ద్రవ్యరాశి కాదు, మొత్తం పరమాణువుది. అంటే ఇనుము విలువలో 26 ఎలక్ట్రాన్ల బరువు కూడా కలిసి ఉంది. నెయ్యిని గిన్నెతో సహా తూచినట్టు. దీనికి ఒక తేలిక దారి ఉంది. ప్రోటాన్ ద్రవ్యరాశి బదులు హైడ్రోజన్ పరమాణువు ద్రవ్యరాశి వాడాలి. ఒక్కో హైడ్రోజన్ పరమాణువులో ఒక్కో ఎలక్ట్రాన్ ఉంటుంది కాబట్టి 26 హైడ్రోజన్లతో 26 ఎలక్ట్రాన్లు వస్తాయి. ఇనుము పరమాణువులోనూ ఉన్నవి 26 కాబట్టి, తీసివేతలో రెండు పక్కలా సరిపోయి పోతాయి.

```
Δm = Z·m(H) + N·m(n) − m(పరమాణువు)
```

కావలసిన విలువలు ఇవి: హైడ్రోజన్ పరమాణువు 1.007825 u, న్యూట్రాన్ 1.008665 u, ఇనుము-56 పరమాణువు 55.934936 u.

```
26 × 1.007825 = 26.203450
30 × 1.008665 = 30.259950
మొత్తం         = 56.463400
తీసివేస్తే      − 55.934936
Δm            =  0.528464 u
```

ఒక u అంటే 931.494 ఎంఈవీ. గుణిస్తే 492.26 ఎంఈవీ వస్తుంది. 56తో భాగిస్తే న్యూక్లియాన్‌కు 8.790 ఎంఈవీ.

పోయిన నెల దిల్‌సుఖ్‌నగర్‌లో మా క్లాసుకు వచ్చే డిగ్రీ అమ్మాయి ఒకరు నోట్‌బుక్ తెచ్చి చూపించింది. "సార్, నాలుగుసార్లు చేశాను. ప్రతిసారీ 8.55 వస్తోంది. పుస్తకంలో 8.79 ఉంది. కూడికలో తప్పుందేమోనని టెన్షన్‌గా ఉంది" అంది. కూడికలన్నీ సరిగ్గా ఉన్నాయి. పెన్సిల్‌తో చక్కగా గీతలు కొట్టి, ఆరు దశాంశ స్థానాలూ ఒకదాని కింద ఒకటి పేర్చింది. మొదటి వరుసలో మాత్రం 26 × 1.007276 అని ఉంది.

"ఇది దేని ద్రవ్యరాశమ్మా?" అన్నాను.

"ప్రోటాన్‌ది సార్."

"మరి కింద తీసేసిన 55.934936?"

కాసేపు చూసి, "పరమాణువుది" అంది. అక్కడితో తనకే అర్థమైపోయింది.

ఇలాంటి తప్పును పుస్తకంలో జవాబు చూడకుండానే పట్టుకోవచ్చా? జవాబు దొరికాక దాని మూలం కనిపెట్టడం మాత్రం ఖాయంగా వీలవుతుంది. 8.790కీ 8.553కీ తేడా 0.237. దాన్ని 56తో గుణిస్తే 13.3 ఎంఈవీ. ఒక ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి 0.511 ఎంఈవీ, అలాంటివి 26 అంటే 13.3. మీ మొత్తం బంధన శక్తి సరైన జవాబు కన్నా సరిగ్గా Z × 0.511 తక్కువగా ఉంటే, ఒక పక్క ఎలక్ట్రాన్లు ఉన్నాయి, ఇంకో పక్క లేవు అన్నమాట. ప్రోటాన్‌తోనే చేయాలనుకుంటే అదీ తప్పు కాదు. ముందు పరమాణువులోంచి 26 ఎలక్ట్రాన్ల ద్రవ్యరాశి తీసేసి కేంద్రకం విలువ తెచ్చుకోండి. హైడ్రోజన్ దారిలో ఆ పని తప్పుతుంది కాబట్టి నేను అదే చెబుతాను.

నిజానికి ఆ దారిలోనూ చిన్న తేడా మిగులుతుంది. ఇనుము పరమాణువులో ఎలక్ట్రాన్లను పట్టి ఉంచే శక్తి హైడ్రోజన్‌లో కన్నా చాలా ఎక్కువ, అన్నీ కలిపితే సుమారు 0.035 ఎంఈవీ. 492 ముందు అది లెక్కలోకి రాదు, మన మూడు దశాంశాల జవాబు దానివల్ల మారదు.

ఇంకో రెండు తప్పులు తరచూ చూస్తుంటాను. ఒకటి, క్లాసు గోడమీది ఆవర్తన పట్టికలోంచి 55.845 తీసుకోవడం. అది ప్రకృతిలో దొరికే ఇనుము ఐసోటోపులన్నిటి సగటు, ఇనుము-56ది కాదు. దాంతో చేస్తే న్యూక్లియాన్‌కు 10.29 వస్తుంది. ఏ కేంద్రకానికీ ఈ విలువ 8.8 దాటదు, కాబట్టి 9 పైన ఏది వచ్చినా కొట్టేసి మొదటినుంచి చూడండి.

రెండోది అంకెలను ముందే కుదించడం. 1.008, 1.009, 55.935 అని మూడు దశాంశాలకు కుదిస్తే జవాబు 9.03 అవుతుంది. ఒక్కో అంకెలో జరిగిన సవరణ చిన్నదే. కానీ న్యూట్రాన్ విలువలో కలిపిన 0.000335ను 30తో గుణించామని, హైడ్రోజన్‌లో కలిపిన 0.000175ను 26తో గుణించామని మర్చిపోకూడదు. పైగా 56కు దగ్గరగా ఉన్న రెండు పెద్ద సంఖ్యల మధ్య అర u తేడా కోసం వెతుకుతున్నాం. అందుకే ఆరు దశాంశాలూ చివరిదాకా ఉంచి, కుదింపు జవాబులోనే చేయాలి.

సరిచూసుకోడానికి వేరే దారి కూడా ఉంది. కొన్ని పట్టికల్లో ద్రవ్యరాశి బదులు దాని అదనం ఇస్తారు. అంటే u లలోని ద్రవ్యరాశిలోంచి ద్రవ్యరాశి సంఖ్యను తీసేసి, మిగిలినదాన్ని శక్తిగా మార్చిన విలువ. హైడ్రోజన్‌కు 7.289, న్యూట్రాన్‌కు 8.071, ఇనుము-56కు −60.607 ఎంఈవీ. దీన్నే ద్రవ్యరాశి లోపం అనుకుని జవాబు 60.6 అని రాసేవాళ్లున్నారు. రెండూ వేరు. అదనాలతో లెక్క ఇలా సాగుతుంది:

```
26 × 7.289 + 30 × 8.071 + 60.607 = 492.25
```

మూడు దశాంశాలే వాడాం కాబట్టి చివరి అంకె కాస్త జరిగింది, జవాబు అదే.

ఇప్పుడు మీ వంతు. నికెల్-62 పరమాణువు 61.928345 u, ప్రోటాన్లు 28. మొత్తం 545.26, న్యూక్లియాన్‌కు 8.795 ఎంఈవీ రావాలి. అంటే అందరూ అన్నిటికన్నా గట్టిదని చెప్పుకునే ఇనుము-56ను ఇది స్వల్పంగా దాటేస్తుంది. తర్వాత యురేనియం-235 చేయండి: 235.043930 u, ప్రోటాన్లు 92. మన ఊళ్లో ఈసీఐఎల్ దగ్గరున్న న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో ఇంధనంగా మారే సహజ యురేనియంలో ఇది 0.7 శాతమే ఉంటుంది. జవాబు 7.59 రావాలి. 7.39 వస్తే మొదటి వరుసలో ఏ ద్రవ్యరాశి రాశారో చూసుకోండి.

7.59కీ ఇనుము దగ్గరి విలువలకూ మధ్య ఉన్న ఈ తేడాతోనే వచ్చే పాఠంలో విచ్ఛిత్తి లెక్క మొదలుపెడదాం.