రైడ్ బుక్ చేసే ముందు కార్డు విషయంలో జాగ్రత్తలు

బుక్ చేసే ముందు తెరపై కనిపించే ఛార్జీ అనేది దూరం, పట్టే సమయం, ఆ వేళ ఉన్న గిరాకీని బట్టి యాప్ వేసిన అంచనా కాబట్టి, దారిలో గమ్యం మార్చినా, మధ్యలో మరో చోట ఆగినా అది పెరగవచ్చునని ముందే గుర్తించండి.

డెబిట్ కార్డు ఇస్తున్నట్లయితే, ఖాతాలో అంచనాకు సరిపడా మాత్రమే కాక మరికొంత నిల్వ ఉందో లేదో చూసుకోండి. ఉదాహరణకు, ఖాతాలో 500 ఉండగా యాప్ 300 నిలిపి ఉంచమని బ్యాంకును కోరితే, ఆ సొమ్ము ఇంకా ఎవరికీ చేరకపోయినా మీరు వాడుకోగలిగేది 200 మాత్రమే. ప్రయాణం ముగిసేసరికి ఛార్జీ 340 అయితే, కొన్ని సందర్భాల్లో పాత 300ను విడుదల చేయమని చెప్పి, 340ను కొత్తగా వసూలు చేస్తారు. విడుదల ఆలస్యమైతే రెండూ కలిపి 640 అవసరమై, చెల్లింపే విఫలం కావచ్చు. క్రెడిట్ కార్డులో ఇదే జరిగితే తగ్గేది పరిమితి మాత్రమే కనుక ఇబ్బంది తక్కువ.

స్టేట్‌మెంటులో రెండు మొత్తాలు కనిపించగానే రెండుసార్లు కోశారని అనుకోకుండా, ఏది ‘పెండింగ్’లో ఉందో చూడండి. రైడ్ రద్దు చేసినా నిలిపిన సొమ్ము వెంటనే తిరిగి కనిపించకపోవచ్చు. ఎన్ని రోజులన్నది కార్డు ఇచ్చిన బ్యాంకును బట్టి ఉంటుంది. రసీదులోని మొత్తానికి మించి రెండూ ఖరారైతేనే ఫిర్యాదు చేయండి.