నొప్పి గోలీలు, దమ్ము – మూడో పాఠం: పేరు తోక చూసి గోలీని గుర్తుపట్టడం

పోయిన పాఠంలో నోట్‌బుక్ రాయడం నేర్చుకున్నాం: ఏ గోలీ వేసుకున్నారు, ఎన్ని నిమిషాలకు ఏమైంది అని. ఈసారి ఆ రాతల నుంచి దమ్ము తెచ్చే అసలు దోషి ఏ మందో పట్టుకుందాం.

మిర్యాలగూడలో రైస్ మిల్లుకు పనికి పోయే ఒక అక్క రాసుకున్న పేజీ తీసుకుంటున్నాను. వయసు 41. ఐదేళ్లుగా దమ్ము ఉంది. ముక్కు ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, పోపు వాసన కూడా తెలియదు. ముక్కులో కండలు పెరిగితే ఒకసారి ఆపరేషన్ చేసి తీశారు.

ఆమె పేజీలో మూడు సంగతులున్నాయి. నడుము నొప్పికి ఆర్‌ఎంపీ డైక్లోఫెనాక్ సూది వేస్తే గంటలోపే ముక్కు కారింది, కళ్లు ఎర్రబడ్డాయి, పిల్లికూతలతో దమ్ము వచ్చింది. తర్వాత ఒకసారి జ్వరానికి 'పారాసిటమాల్ గోలీ' వేసుకుంటే నలభై నిమిషాలకు మళ్లీ అదే. మరోసారి ఒళ్లు నొప్పులకు పారాసిటమాల్ 500 వేసుకుంటే ఏమీ కాలేదు.

రెండో సంగతి చూసి ఆమె తనకు పారాసిటమాల్ పడదని తేల్చుకుంది. ఇంట్లో మిగిలిన ఆ పట్టీ తెచ్చి వెనకవైపు చదివితే లెక్క మారిపోయింది: ఐబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325. రెండు మందులు కలిసిన గోలీ అది. అంటే దమ్ము తెచ్చింది ఐబుప్రొఫెన్. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేర్వేరు మందులు. అయినా ఒకే రకంగా తిప్పలు పెట్టాయంటే, ఆమెకు పడనిది ఒక మందు కాదు, ఆ రకం నొప్పి మందుల కుటుంబమంతా.

ఎందుకంటే ఈ మందులన్నీ ఒంట్లో కాక్స్-1 అనే ఎంజైమ్‌ను ఆపుతాయి. అది ఆగితే ఊపిరి గొట్టాలను కాపాడే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 తగ్గుతుంది. దాని అదుపు పోయేసరికి గొట్టాలను బిగించే ల్యూకోట్రైన్లు విపరీతంగా పెరుగుతాయి. ఇక్కడ తంటా మందు చేసే పనితో వచ్చింది కాబట్టి, అదే పని చేసే మందు ఏదైనా కష్టమే. రక్తపరీక్షతోనో, చర్మం మీద గుచ్చి చూసే పరీక్షతోనో ఇది తేలదు. మీ నోట్‌బుక్కే డాక్టరుకు పెద్ద ఆధారం.

దద్దుర్ల సంగతి కొంచెం వేరు. ఒకరికి ఐబుప్రొఫెన్‌కు దద్దుర్లు వచ్చి, డైక్లోఫెనాక్ ఎన్నిసార్లు వాడినా ఏమీ కాకపోతే, అది ఆ ఒక్క మందు అలర్జీ కావచ్చు. నెలల తరబడి దద్దుర్లతో బాధపడేవాళ్లలో మాత్రం కొందరికి కుటుంబమంతా పడదు.

ఇక పేరు తోక. పట్టీ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు, దాన్ని వదిలేయండి. వెనక చిన్న అక్షరాల్లో అసలు మందు పేరు ఉంటుంది. అది 'ఫెనాక్', 'ప్రొఫెన్', 'ఆక్సికామ్' అని ముగిస్తే ఆ కుటుంబమే. తోక లేని చుట్టాలూ ఉన్నారు: ఆస్పిరిన్, నాప్రోక్సెన్, కీటోరొలాక్, నెలసరి నొప్పికి ఇచ్చే మెఫెనమిక్ యాసిడ్. ఈ నాలుగూ రాసి పెట్టుకోండి. కడుపులో మంట పుట్టించదని అసిక్లోఫెనాక్ ఇస్తుంటారు. అది కడుపుకు సంబంధించిన మాట, దమ్ముకు భరోసా కాదు. మోకాళ్లకు రాసే జెల్ కూడా చదవాల్సిందే. షాపులో పట్టీ కత్తిరించి ఇస్తే పేరున్న ముక్క చూపించమని అడగండి. కాగితం పొట్లంలో కట్టిచ్చిన రంగు గోలీలు మాత్రం ఈ కుటుంబం పడనివాళ్లు వేసుకోకూడదు.

మరి నొప్పికి ఏం వాడాలి? పారాసిటమాల్ ఒక్కటే ఉన్న 500 గోలీ చాలామందికి పడుతుంది. ఒకేసారి 1000 వేసుకుంటే ఈ జబ్బున్న కొందరికి దమ్ము వస్తుంది. మన షాపుల్లో ఎక్కువగా దొరికేది 650, అవి రెండేస్తే 1300 అవుతుందని గుర్తుంచుకోండి. 'కాక్సిబ్' తోక ఉన్న సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ ప్రధానంగా కాక్స్-1ను కాక, కాక్స్-2 అనే మరో ఎంజైమ్‌ను ఆపుతాయి కాబట్టి ఎక్కువమందికి పడతాయి. అయినా మొదటి గోలీ డాక్టరు దగ్గరే వేసుకుని, ఆయన చెప్పినంతసేపు అక్కడే కూర్చోవాలి. గుండె, కిడ్నీ జబ్బులుంటే ముందే చెప్పాలి. పడుతుందో లేదో ఇంట్లో పరీక్షించి చూడటం ప్రాణం మీదికి వస్తుంది. గుండెకు రోజూ ఆస్పిరిన్ వాడేవాళ్లు దాన్ని సొంతంగా ఆపొద్దు, ముందు డాక్టరుతో మాట్లాడండి.

పొరపాటున వేసుకుని దమ్ము మొదలైతే డాక్టరు ఇచ్చిన సాల్బుటమాల్ ఇన్‌హేలర్ పీల్చండి. మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలిరంగుకు తిరుగుతున్నా, నాలుక వాచినా ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ వారం పని: ఇంట్లో గోలీల డబ్బా బోర్లించి, ప్రతి పట్టీ వెనక ఉన్న పేర్లు నోట్‌బుక్‌లోకి ఎక్కించండి. ఫెనాక్, ప్రొఫెన్, ఆక్సికామ్ తోకలున్నవాటి కింద, తోక లేని ఆ నాలుగు పేర్ల కింద గీత గీయండి. వచ్చే పాఠంలో ఆ పేజీతో డాక్టరు దగ్గర ఏమేం అడగాలో చూద్దాం.