నల్లగొండ నుంచి తొక్కుల ఆన్‌లైన్ దుకాణం: తూకం, కొరియర్, పేమెంట్ ఎలా సర్దుకోవాలి?

వెబ్‌సైట్ తెరిచే ముందు వంటింట్లోనే చేయాల్సిన పని ఒకటుంది. తొక్కును అమ్మబోయే ప్యాక్‌లో నింపి, పెట్టెలో పెట్టి, టేపు వేసి తూకం వేయాలి. కొరియర్ వాళ్లు సాధారణంగా 500 గ్రాముల మెట్ల లెక్కన డబ్బులు తీసుకుంటారు. 510 గ్రాములు తూగినా కిలో ఛార్జీ పడుతుంది. అరకిలో తొక్కును గాజు సీసాలో పంపితే సీసా, బబుల్ కవర్, అట్టపెట్టె కలిసి కిలో దగ్గరికి వెళ్తుంది. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టినా 500 దాటడం ఖాయం. అందుకే ఆన్‌లైన్‌కు అరకిలో ప్యాక్ కన్నా 400 గ్రాముల ప్యాక్ మేలని నా అభిప్రాయం.

ఈ వ్యాసంలో నకిరేకల్ వైపు నిమ్మకాయలతో పెట్టిన తొక్కును ఉదాహరణగా తీసుకుందాం. 400 గ్రాముల తొక్కు, నిలబడే మందపాటి పౌచ్, దాని మీద ఇంకో కవర్, చిన్న అట్టపెట్టె, అన్నీ కలిపి దాదాపు 470 గ్రాములు. తూకంలో కాస్త తేడా వచ్చినా మొదటి మెట్టులోనే ఉంటుంది.

పెట్టె కొలత కూడా చూడాలి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తే వచ్చే కిలోలను చాలా కొరియర్లు పరిమాణ బరువుగా లెక్కిస్తాయి. అసలు బరువు, ఈ బరువు రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బులు. అన్ని వైపులా 15 సెంటీమీటర్లున్న పెట్టెకు 0.675 కిలో వస్తుంది, అంటే లోపల 470 గ్రాములే ఉన్నా కిలో ఛార్జీ. అదే 16×12×10 పెట్టెకు 0.384 మాత్రమే. పెట్టెలు వందల్లో ఆర్డర్ ఇచ్చే ముందు ఈ లెక్క వేసుకోండి.

పౌచ్ సీలును కూడా అప్పుడే పరీక్షించండి. నింపిన ప్యాక్‌ను తలకిందులుగా, పైన కొంచెం బరువు పెట్టి, న్యూస్‌పేపర్ మీద రాత్రంతా ఉంచండి. తెల్లారి పేపర్ మీద నూనె మరక కనిపిస్తే ఆ సీలు కొరియర్ సంచుల మధ్య నిలవదు. సీలు వేసే చోట నూనె అంటుకుని ఉంటే అది అతుక్కోదు. నింపాక అంచులను పొడిగుడ్డతో తుడిచి వేయాలి.

ముందు ఎక్కడి దాకా అమ్మాలో తేల్చుకోండి

ఆహార పదార్థం కాబట్టి ఎఫ్ఎస్ఎస్ఎఐ అనుమతి ఉండాల్సిందే. దరఖాస్తు `foscos.fssai.gov.in`లో చేయాలి. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీదా, వెబ్‌సైట్‌లోనూ పెట్టాలి.

చాలామందికి తెలియక చిక్కుల్లో పడేది జీఎస్టీ దగ్గర. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవారు సొంత దుకాణంలో రాష్ట్రం లోపలే అమ్ముకుంటే, ఏడాది అమ్మకాలు 20 లక్షలు దాటే వరకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. కానీ పన్ను పడే సరుకు వేరే రాష్ట్రానికి ఒక్క ప్యాకెట్ అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మన వైపు ఇది చిన్న విషయం కాదు. నాగార్జునసాగర్ దాటితే మాచర్ల, గద్వాల దాటితే కర్నూలు, నారాయణపేట దాటితే రాయచూరు. చుట్టాలు ఉండే ఊళ్లే, కానీ జీఎస్టీ లెక్కలో పక్క రాష్ట్రాలు. హైదరాబాద్‌లో స్థిరపడిన మన జిల్లాల వాళ్లే పెద్ద మార్కెట్ కాబట్టి, మొదట తెలంగాణ వరకే అమ్మి, జీఎస్టీ నంబరు వచ్చాక బెంగళూరు, విజయవాడ తెరవడం తేలిక.

దుకాణం, ఉత్పత్తి పేజీ

నెలనెలా అద్దె కట్టే షాపిఫై లాంటివి ఉన్నాయి. సెట్ చేయడం సులువు. ఖర్చు తగ్గాలంటే వర్డ్‌ప్రెస్ మీద వూకామర్స్ వేసుకోవచ్చు. అది ఉచితం, డొమైన్‌కూ హోస్టింగ్‌కూ మాత్రం డబ్బు కట్టాలి. కింద చెప్పేది వూకామర్స్ గురించి.

ఉత్పత్తిని `Variable product`గా పెట్టి 400 గ్రాములు, 800 గ్రాములు అని రెండు రకాలు ఇవ్వండి. ఒక్కోదానికి ధర, బరువు, కింద చెప్పే షిప్పింగ్ క్లాస్ వేరుగా నింపాలి. బరువు దగ్గర పెట్టెతో కలిపి తూగిన బరువు రాయాలి, తొక్కు బరువు కాదు. యూనిట్ కిలోల్లో ఉంటే 0.47 అని రాయాలి. అక్కడ 470 అని కొడితే కొరియర్ యాప్‌కు నాలుగు క్వింటాళ్ల పైన తొక్కు వెళ్తున్నట్టు కనిపిస్తుంది.

పేజీలో రుచి గురించి రెండు వాక్యాలు చాలు. కొనేవాళ్లు వెతికే సంగతులు వేరే ఉంటాయి: వెల్లుల్లి వేశారా లేదా, ఏ నూనె, కారం ఎంత, ఉప్పు ఎంత. పల్లీ నూనె వాడితే ఆ మాట తప్పకుండా రాయాలి, పల్లీలు పడనివాళ్లు ఉంటారు. నిమ్మకాయ తొక్కు కొత్తగా పెట్టినప్పుడు ముక్క గట్టిగా, కొంచెం చేదుగా ఉంటుంది. ఊరేకొద్దీ మెత్తబడుతుంది. ఆ విషయం ముందే రాస్తే "ముక్క ఉడకలేదు" అనే ఫిర్యాదులు చాలావరకు ఆగిపోతాయి. ఎన్నాళ్లు నిల్వ ఉంటుంది, తెరిచాక తడి చెంచా పెట్టొద్దన్న మాట కూడా ఉండాలి. పేరు తెలుగులోనూ, `Nimmakaya Thokku` అని ఇంగ్లిష్ అక్షరాల్లోనూ రాయండి, గూగుల్‌లో రెండు రకాలుగానూ వెతుకుతారు.

నికర బరువు, పన్నులన్నీ కలిపిన గరిష్ఠ ధర, తయారుచేసిన వారి పేరు, చిరునామా, ఫిర్యాదుల ఫోన్ నంబరు వెబ్ పేజీలోనూ కనిపించాలని తూనికలు, కొలతల నిబంధనలు చెబుతున్నాయి. ప్యాక్ చేసిన నెల మాత్రం లేబుల్ మీద ఉంటే చాలు. అయినా తొక్కుల విషయంలో పేజీలో కూడా రాయమంటాను. వేసవిలో పెట్టిందా, నిన్న పెట్టిందా అని అడగనివారు తక్కువ.

షిప్పింగ్ ఛార్జీలు

`WooCommerce > Settings > Shipping`లో ముందు `pack-400`, `pack-800` అని రెండు షిప్పింగ్ క్లాస్‌లు చేయండి. తర్వాత జోన్లు, అంటే ఛార్జీ వేరుగా లెక్కించే ప్రాంతాలు. మొదటి జోన్‌లో ప్రాంతంగా తెలంగాణ ఎంచుకుని, పిన్‌కోడ్‌ల పెట్టెలో ఇవి రాయండి:

```
500*
508*
509*
```

హైదరాబాద్, నల్లగొండ, పాలమూరు వైపు పిన్‌కోడ్‌లు ఇందులో పడతాయి. రెండో జోన్‌గా మొత్తం తెలంగాణ పెట్టండి. వూకామర్స్ పైనుంచి కిందికి చూసి మొదట సరిపోయిన జోన్ తీసుకుంటుంది కాబట్టి చిన్న జోన్ పైనే ఉండాలి. మిగతా రాష్ట్రాలకు ఏ జోనూ పెట్టకపోతే అక్కడివాళ్ల ఆర్డర్ చెక్‌అవుట్ దగ్గరే ఆగిపోతుంది. జీఎస్టీ లేనప్పుడు మనకు కావాల్సింది అదే.

ఇప్పుడు జోన్‌లో `Flat rate` వేసి లెక్క రాయాలి. మీ కొరియర్ వాళ్లు మొదటి అరకిలోకు 55, ఆపై ప్రతి అరకిలోకు 30 రూపాయలు తీసుకుంటున్నారనుకుందాం. ఈ రేట్లు ఉదాహరణకే. మీకు ఇచ్చిన రేట్లలో 18 శాతం జీఎస్టీ కలిసిందో లేదో అడిగి వేసుకోండి. `Cost` దగ్గర 25 రాసి, కింద రెండు క్లాస్‌లకు వరుసగా ఇలా రాయండి:

```
30 * [qty]
60 * [qty]
```

`Calculation type`లో `Per class` ఎంచుకోవాలి. ఒక 400 ప్యాక్ కొంటే 25, 30 కలిపి 55. రెండు కొంటే 85. మూడు కొంటే 115. మూడు ప్యాక్‌లు పెద్ద పెట్టెతో 1350 గ్రాముల దాకా తూగుతాయి, అది కిలోన్నర మెట్టు, కొరియర్ బిల్లు కూడా 115. 400 గ్రాముల ప్యాక్ ఎంచుకున్న లాభం ఇక్కడ తెలుస్తుంది: ఒక్కో ప్యాక్ ఒక్కో మెట్టుకు సరిపోతుంది.

ఫ్రీ డెలివరీ పెట్టాలనిపిస్తే ముందు కాగితం మీద లెక్క వేయండి. ప్యాక్ ధర 240, అందులో సరుకు, పౌచ్, కూలీ 130 అనుకుందాం. ఒక్క ప్యాక్ ఆర్డర్‌లో కస్టమర్ 295 కడతాడు. పేమెంట్ ఖర్చు 7, కొరియర్ 55, పెట్టె 15, తయారీ 130 పోతే 88 మిగులుతుంది. నాలుగు ప్యాక్‌లకు, అంటే 960 రూపాయలకు, ఫ్రీ డెలివరీ ఇస్తే కొరియర్ 145, పెట్టె 20, పేమెంట్ ఖర్చు 23, తయారీ 520 పోను 252 వస్తుంది. ప్యాక్‌కు 63 రూపాయలు. ఇది సమ్మతమైతేనే పెట్టండి. రెండు ప్యాక్‌లకే ఫ్రీ అని పెడితే ప్యాక్‌కు యాభై రూపాయల పైన కొద్దిగానే దక్కుతుంది.

కొరియర్ బుక్ చేసేటప్పుడు సర్ఫేస్ పద్ధతి ఎంచుకోండి. విమానంలో వెళ్లే పార్సిళ్లలో నూనె ఉన్నవాటిని ఆపేసే అవకాశం ఉంది. ఐదారు కిలోల ఆర్డర్ హైదరాబాద్‌కు అయితే ఆర్టీసీ కార్గో రేటు కూడా కనుక్కోండి. కస్టమర్ బస్టాండ్‌కు వచ్చి తీసుకోవడానికి ఒప్పుకోవాలి, అంతే.

పేమెంట్ గేట్‌వే

మొదటి పది పదిహేను ఆర్డర్లు తెలిసినవాళ్లవే కాబట్టి యూపీఐ క్యూఆర్‌తో నడిచిపోతాయి. ఆ తర్వాత ఎవరు కట్టారో, ఎవరు కట్టలేదో వెతకడమే పనవుతుంది. స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపొద్దు, దొంగ స్క్రీన్‌షాట్లు తయారుచేయడం తేలిక. బ్యాంకు ఖాతాలో పడిందా అనే చూడాలి.

కస్టమర్ కట్టిన డబ్బు తీసుకుని మన బ్యాంకులో వేసే గేట్‌వేలు రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ, వీటిలో ఏదైనా మన అవసరానికి సరిపోతుంది. ఛార్జీ సుమారు 2 శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇది షిప్పింగ్‌తో కలిపిన మొత్తం మీద పడుతుంది, 295 మీద దాదాపు 7 రూపాయలు. పావు శాతం తేడా కోసం తల పట్టుకోవడం అనవసరం. అడగాల్సినవి ఇవి: కంపెనీ లేకుండా సొంత పాన్ కార్డు మీద ఖాతా ఇస్తారా, డబ్బు ఎన్ని రోజులకు బ్యాంకులో పడుతుంది, రిఫండ్ చేస్తే ముందు తీసుకున్న ఛార్జీ తిరిగిస్తారా. దరఖాస్తు పెట్టే ముందే వెబ్‌సైట్‌లో రిఫండ్, షిప్పింగ్, ప్రైవసీ, నిబంధనలు, కాంటాక్ట్ పేజీలు పెట్టండి. అవి లేకపోతే దరఖాస్తు వెనక్కి వస్తుంది.

రేజర్‌పే తీసుకున్నారనుకుంటే, ముందు `rzp_test_`తో మొదలయ్యే టెస్ట్ కీతో, అసలు డబ్బు కదలకుండా ప్రయత్నించండి. ఒక పేమెంట్‌ను విజయవంతం అయ్యేలా, ఇంకోదాన్ని విఫలం అయ్యేలా చేయండి. రెండూ చూడాలి. వూకామర్స్‌లో వేసిన రేజర్‌పే ప్లగిన్‌లో `Payment Action` దగ్గర `Authorize and Capture` ఉందో లేదో చూసుకోండి. క్యాప్చర్ కాని డబ్బు కొన్ని రోజులకు కస్టమర్‌కే వెనక్కి వెళ్తుంది.

ఇంకో చిక్కుంది. కస్టమర్ ఫోన్‌పేలో డబ్బు కట్టి, తిరిగి వెబ్‌సైట్‌కు రాకుండా యాప్ మూసేస్తాడు. గేట్‌వేలో డబ్బు వచ్చినట్టు ఉంటుంది, మీ దగ్గర మాత్రం ఆర్డర్ `Pending payment`లోనే ఉంటుంది. స్టాక్ లెక్క ఆన్‌లో ఉంటే వూకామర్స్ గంటకు దాన్ని రద్దు కూడా చేస్తుంది. వెబ్‌హుక్ సెట్ చేస్తే గేట్‌వే నేరుగా మీ సైట్‌కు చెబుతుంది. అది చేశాక లైవ్ కీ పెట్టి, మీ ఫోన్ నుంచే ఒక ప్యాక్ కొని, కట్టగానే యాప్ మూసేసి చూడండి. ఆర్డర్ `Processing`లోకి మారితే పని అయినట్టే.

క్యాష్ ఆన్ డెలివరీ వద్దు. ఇంట్లో లేమంటూ తిప్పి పంపితే రానూపోనూ కొరియర్ మీ నెత్తినే పడుతుంది. ఎండలో పది రోజులు తిరిగొచ్చిన తొక్కును మళ్లీ అమ్మలేరు.

చివరిగా, ప్రతి పెట్టెను పంపే ముందు త్రాసు మీద పెట్టి, అంకెలూ చిరునామా చీటీ కనిపించేలా ఫోటో తీయండి. కొరియర్ వాళ్లు తమ దగ్గర మళ్లీ తూచి కిలో అని బిల్లు వేస్తే, అభ్యంతరం చెప్పడానికి కొద్ది రోజులే గడువు ఇస్తారు. అప్పుడు ఆ ఫోటోనే అడుగుతారు.