ఫోను చేతులు మారే ముందు – నాలుగవ విడత: ఈ-సిమ్ ప్రొఫైలును ఏ రోజున చెరపాలి?

గత మూడు విడతల్లో పాత ఫోనులోని ఫోటోలను, ఖాతాలను, బ్యాంకు యాప్‌లను ఎలా ఖాళీ చేయాలో నేర్చుకున్నాము. ఈ విడతలో ఈ-సిమ్ ప్రొఫైలు సంగతి చూద్దాము. దానిని చెరపడానికి రెండు మూడు నొక్కులు చాలు. అయితే ఆ నొక్కులు ఏ రోజున నొక్కాలన్నదే అసలు పాఠం, అందువల్ల ఈ విడతలో ఎక్కువ చోటు ఆ వరుసకే ఇస్తున్నాను.

ముందుగా చెరిపేది ఏమిటో స్పష్టంగా ఉండాలి. ఈ-సిమ్ ఉన్న ఫోనులో ఒక చిన్న చిప్పు బోర్డుకే అతికించి ఉంటుంది. దానికి 32 అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది, దానినే EID అంటారు. ఆ చిప్పులోకి నెట్‌వర్కు వారి సర్వరు నుంచి దిగే సమాచారమే ప్రొఫైలు. ప్రొఫైలుకు ICCID అనే వేరే సంఖ్య ఉంటుంది, మన దేశపు ప్రొఫైళ్లలో అది 8991తో మొదలవుతుంది. చిప్పు ఫోనుతోనే పుట్టి ఫోనుతోనే పోతుంది, ప్రొఫైలు మాత్రం వస్తుంది, పోతుంది. మనం చెరిపేది ప్రొఫైలునే. కనెక్షను మాత్రం నెట్‌వర్కు వారి పుస్తకాల్లో యథాతథంగా నిలిచే ఉంటుంది. పోస్టుపెయిడ్ అయితే ప్రొఫైలు చెరిపిన తరువాత కూడా బిల్లు వస్తూనే ఉంటుంది.

ఫోనులో ప్రొఫైలును ఆపివేయడం వేరు, చెరపడం వేరు. మన డెల్టాలో బోదె తూముకు పలక దించితే నీరు ఆగుతుంది, కానీ పలక ఎత్తగానే మళ్లీ పారుతుంది. ఆపివేసిన ప్రొఫైలు కూడా అటువంటిదే. ఆ ఫోను కొన్నవారు సెట్టింగుల్లోకి వెళ్లి మీట జరిపితే మీ నంబరు వారి చేతిలో మోగుతుంది, మీ బ్యాంకు ఓటీపీ వారి తెర మీద పడుతుంది. కాబట్టి అమ్మే ఫోనులో ఆపివేసి ఊరుకోకూడదు.

అలాగని ముందే చెరిపినా చిక్కే. మా బంధువు ఒకరు ఫోను అమ్మే రోజు ఉదయాన్నే ప్రొఫైలు చెరిపేసి, మొదట్లో ఈ-మెయిలుకు వచ్చిన క్యూఆర్ కోడును కొత్త ఫోనుకు చూపించారు. కోడు పని చేయలేదు. సాధారణంగా ఆ కోడు ఒక్కసారి దింపుకోవడానికే ఇస్తారు. ప్రొఫైలు ఒక చిప్పులోకి దిగిన వెంటనే సర్వరు దానిని వాడిన కోడుగా గుర్తు పెట్టుకుంటుంది, అదే కోడుతో రెండవ ఫోనులోకి దించనివ్వదు. కొత్త కోడు కావాలంటే అదే నంబరు నుంచి సందేశం పంపాలి, ఆ నంబరేమో అప్పటికే ఏ ఫోనులోనూ లేదు. చివరకు ఆయన గుర్తింపు పత్రం పట్టుకుని ఆ నెట్‌వర్కు దుకాణానికి వెళ్లవలసి వచ్చింది. కొత్త ప్రొఫైలు దిగిన తరువాత కూడా ఇరవై నాలుగు గంటలపాటు సందేశాలు రాలేదు, పోలేదు. సిమ్ మార్చిన ప్రతి నంబరుకూ ఎస్సెమ్మెస్‌లను ఒక రోజు నిలిపివేయాలన్నది టెలికాం శాఖ పెట్టిన నియమం, అది మోసగాళ్లను అడ్డుకోవడానికి ఉద్దేశించినది. అయితే కొత్త ఫోనులో యూపీఐ యాప్ మొదలుపెట్టాలంటే ఆ నంబరు నుంచి ఒక సందేశం బయటకు వెళ్లి తీరాలి. సందేశాలు ఆగిన ఆ రోజంతా చెల్లింపులు కూడా ఆగాయి.

అందువల్ల మొదటి సూత్రం ఇది: నంబరు కొత్త చోట మోగిన తరువాతే పాత చోట చెరపాలి. దీనికి తోడు నెట్‌వర్కు కూడా మార్చదలచినవారికి రెండవ సూత్రం ఒకటుంది, అది చాలామందికి తెలియదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సవరించిన నిబంధనల ప్రకారం 2024 జూలై 1 నుంచి, సిమ్ మార్చిన ఏడు రోజుల లోపల ఆ నంబరుకు పోర్టింగ్ కోడు, అంటే అదే నంబరుతో వేరే నెట్‌వర్కుకు మారడానికి కావలసిన కోడు, ఇవ్వరు. ప్రొఫైలును పాత ఫోను నుంచి కొత్త ఫోనుకు మార్చుకోవడం కూడా సిమ్ మార్పు కిందికే వస్తుంది. కాబట్టి ఫోనూ నెట్‌వర్కూ రెండూ మార్చాలనుకున్నవారు ముందు ప్రొఫైలును కొత్త ఫోనుకు తెచ్చుకుని తరువాత పోర్టు చేద్దామనుకుంటే వారం రోజులు ఆగక తప్పదు. పాత ఫోనులో ఉండగానే పోర్టు అడిగి, కొత్త నెట్‌వర్కు ప్రొఫైలునే నేరుగా కొత్త ఫోనులోకి దించుకోవడం మేలు.

ఈ వరుసను ఒక నిజమైన సందర్భంలో చూద్దాము. అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసే ఒక పెద్దాయనను నేను మావయ్యగారు అని పిలుస్తాను. ఆయన పాత ఐఫోనులో ప్రీపెయిడ్ ఈ-సిమ్ ఉంది. తోటల్లోకి వెళితే సిగ్నలు అందడం లేదని నెట్‌వర్కు మార్చాలనుకున్నారు, అదే వారంలో ఫోనును అమలాపురంలో ఒక దుకాణానికి అమ్మడానికి కూడా మాట ఇచ్చారు. ఆదివారం సాయంత్రం రెండు ఫోనులూ ముందు పెట్టుకుని, “ఇందులోది అందులోకి మార్చేసి, ఇది తుడిచేసి ఇచ్చేద్దామా అండీ?” అని అడిగారు. అలా చేసి ఉంటే పోర్టు పై వారానికి పోయేది.

సోమవారం ఉదయం పాత ఫోను నుంచే 1900 నంబరుకు ఈ సందేశం పంపించాను. పది సున్నాలు ఉన్న చోట మీ నంబరు వేసుకోవాలి.

```
PORT 0000000000
```

కొద్ది నిమిషాల్లో ఎనిమిది అక్షరాల పోర్టింగ్ కోడు వచ్చింది. మన ప్రాంతంలో ఆ కోడు నాలుగు రోజులు చెల్లుతుంది. అదే రోజు ఆయన కొత్త నెట్‌వర్కు దుకాణానికి గుర్తింపు పత్రంతో వెళ్లి దరఖాస్తు ఇచ్చారు. అక్కడ ఆయన మరచిపోకుండా చెప్పిన మాట, “నాకు ప్లాస్టిక్ సిమ్ వద్దండీ, ఈ-సిమ్మే ఇవ్వండి” అన్నది. ఈ మాట ముందే చెప్పకపోతే ప్లాస్టిక్ సిమ్ ఇస్తారు, దానిని ఈ-సిమ్‌గా మార్చడం మళ్లీ ఒక సిమ్ మార్పు అవుతుంది, మళ్లీ ఒక రోజు సందేశాలు ఆగుతాయి. కొత్త ఫోనులో *#06# నొక్కితే వచ్చే EIDని కూడా కాగితం మీద రాసుకుని వెళ్లారు.

ఒకే సర్కిలు లోపల పోర్టుకు మూడు పనిదినాలు పడుతుంది. టెలికాం లెక్కలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిలు, కాబట్టి హైదరాబాదులో తీసుకున్న నంబరుకు కూడా ఇదే గడువు. ఆ మూడు రోజులూ పాత ప్రొఫైలు పాత ఫోనులో పని చేస్తూనే ఉండాలి, ఎందుకంటే పోర్టు ఏ రోజు ఏ వేళకు జరుగుతుందో తెలిపే సందేశం దానికే వస్తుంది. గురువారం పాత ఫోనులో సిగ్నలు గీతలు పోయి No Service అని కనిపించింది. కంగారు పడనవసరం లేదు, పాత నెట్‌వర్కు ఆ నంబరును వదిలిందనడానికి అదే గుర్తు. కొద్దిసేపటికి కొత్త ఫోనులో కొత్త నెట్‌వర్కు పేరు వచ్చింది. అప్పుడు మూడు పరీక్షలు చేశాము. నా ఫోను నుంచి ఆయనకు కాల్ చేస్తే కొత్త ఫోను మోగింది. ఆయన ఫోను నుంచి నాకు కాల్ వచ్చింది. సందేశం ఒకటి అటు, ఒకటి ఇటు వెళ్లాయి. ఈ మూడవ పరీక్ష నెగ్గిన తరువాతే యూపీఐ యాప్ తెరిచి నమోదు చేశాము.

చెరిపే పని ఆ తరువాత మొదలైంది. పాత ఫోనును ముందు ఇంటి వైఫైకి కలిపాము. చెరపడం చిప్పులోనే జరిగిపోతుంది కాబట్టి దానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. అయితే చెరిపిన సంగతిని ఫోను నెట్‌వర్కు సర్వరుకు తెలియజేస్తుంది, ఆ కబురు చేరాలంటే ఇంటర్నెట్టు కావాలి. కబురు చేరకపోతే సర్వరు లెక్కలో ప్రొఫైలు ఇంకా పాత ఫోనులోనే ఉన్నట్టు మిగిలిపోతుంది. పోర్టు అయిన నంబరుకు దానివల్ల పెద్ద నష్టం లేదు. కానీ అదే నెట్‌వర్కులో ఉంటూ ఫోను మాత్రమే మార్చేవారికి తరువాత అది అడ్డు కావచ్చు.

ఐఫోనులో `Settings`, ఆపై `Mobile Service` తెరిచి, చెరపవలసిన నంబరు మీద నొక్కి, అడుగున ఉన్న `Delete eSIM` ఎంచుకోవాలి. సామ్‌సంగ్‌లో `Connections` లోపల `SIM manager` ఉంటుంది, అక్కడ ఈ-సిమ్ మీద నొక్కితే తొలగించే ఎంపిక కనిపిస్తుంది. పిక్సెల్‌లో `Network & internet` లోని `SIMs` కింద ఉంటుంది. రెండు ప్రొఫైళ్లు ఉన్నవారు పేరు చూసి నొక్కకూడదు, ICCID చివరి నాలుగు అంకెలు సరిచూసుకుని నొక్కాలి. పేరు మనం ఎప్పుడో పెట్టుకున్నది కావచ్చు, సంఖ్య మాత్రం తప్పదు.

ఇంత ఓపిక ఎందుకు, ఫోను మొత్తాన్ని రీసెట్ చేస్తే ప్రొఫైలు కూడా పోదా అని మావయ్యగారు అడిగారు. పోవచ్చు, పోకపోవచ్చు. ప్రొఫైలు ఉండేది ఫోటోలు ఉండే నిల్వలో కాదు, వేరే చిప్పులో. అందుకే రీసెట్ చేసేటప్పుడు ఈ-సిమ్‌ను ఉంచాలా చెరపాలా అని ఫోను విడిగా అడుగుతుంది. ఉంచమని నొక్కితే తుడిచిన ఫోను తిరిగి తెరుచుకునేసరికి అదే నంబరుతో లేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోనును బటన్లు పట్టుకుని రికవరీ తెర నుంచి రీసెట్ చేస్తే ఆ ప్రశ్న కూడా రాకుండా ప్రొఫైలు మిగిలిపోవచ్చు. అందువల్ల ముందు ప్రొఫైలు, తరువాత రీసెట్ అన్న వరుసను నేను ఎవరికైనా గట్టిగా చెబుతాను. ప్రొఫైలు లేదని కళ్లతో చూసిన తరువాతే రీసెట్ మొదలుపెట్టాలి.

శుక్రవారం అమలాపురంలో దుకాణం కుర్రవాడు ఫోను తెరిచి *#06# నొక్కగానే తెర మీద EID కనిపించింది. “ఈ-సిమ్ ఇంకా ఉందండీ ఇందులో” అన్నాడు. అది చిప్పు సంఖ్య, ప్రొఫైలు కాదు, ఎన్నిసార్లు చెరిపినా అది పోదు. సెట్టింగుల్లోకి వెళ్లి సిమ్ జాబితా ఖాళీగా ఉందని చూపించాక అతను ఒప్పుకుని డబ్బు లెక్కపెట్టాడు.

ఈ విడతకు అభ్యాసం: మీ ఫోను సెట్టింగుల్లో ఎన్ని ప్రొఫైళ్లు ఉన్నాయో చూసి, ఒక్కొక్కదాని ICCID చివరి నాలుగు అంకెలను, అది ఏ నంబరుదో, ఆ నంబరు ఏ బ్యాంకుకు కలిపి ఉందో ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. తెర పగిలి పని చేయని ఫోనులో మిగిలిపోయిన ప్రొఫైలును ఏం చేయాలో వచ్చే విడతలో చూద్దాము, అక్కడ ఈ అంకెలు అవసరమవుతాయి.