ఉత్తరాలు రాయడం నేర్చుకుందాం – 6వ పాఠం: వాసన వేసిన గదికి కొంత అద్దె తిరిగి అడగడం

గత పాఠంలో బాకీ గుర్తుచేసే ఉత్తరం రాశాం. ఈసారి తిరుపతిలో ఒక హోటల్‌లో దిగిన కుటుంబం తరఫున మేనేజరుకు ఉత్తరం రాద్దాం. గదిలో సిగరెట్ పొగ వాసన, దానికి తోడు చెమ్మ వాసన. రెండు రాత్రులకు పన్నులతో కలిపి 4,800 రూపాయలు చెల్లించారు. మొదటి రాత్రి ఇబ్బంది పడ్డారు, మర్నాడు మధ్యాహ్నం వేరే గది ఇచ్చారు.

వాసన మీద ఫిర్యాదు చేయడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, మన ఉత్తరం చేరేనాటికి ఆ వాసన ఉండకపోవచ్చు. కిటికీలు తెరిచి, ఫినాయిల్ వేసి తుడిచిన గదిలోకి మేనేజరు వెళితే ఆయనకు తేడా తెలియదు. కాబట్టి ‘గది భరించలేనంత కంపు కొట్టింది’ అనే వాక్యం నిజమే అయినా మనకు అక్కరకు రాదు. వాసన ఎక్కడి నుంచి వచ్చిందో, దానికి కంటికి కనబడే గుర్తు ఏదో రాయాలి. సిగరెట్ పొగ కర్టెన్లలో, పరుపులో, దిండ్లలో ఇంకిపోతుంది. తలుపులు మూసి ఏసీ వేసిన కాసేపటికి మళ్లీ ముక్కుకు తగులుతుంది. చెమ్మ వాసన సాధారణంగా గోడ నుంచి వస్తుంది. ఈశాన్య రుతుపవనాల వానలు పడే నవంబరులో, ముఖ్యంగా బాత్‌రూమును ఆనుకున్న గోడ మీద పెయింటు పొక్కులు లేచి, మూలల్లో నల్లటి బూజు కనబడుతుంది. వాసనకు ఫోటో తీయలేము గాని, ఆ పొక్కులకు తీయవచ్చు.

ఉత్తరం ఇలా ఉంటుంది:

తిరుపతి,
నవంబరు 17.

గౌరవనీయులైన మేనేజరు గారికి,

విషయం: 204వ నంబరు గదిలో పొగ, చెమ్మ వాసన – అద్దెలో కొంత భాగం తిరిగి ఇవ్వవలసిందిగా కోరడం.

అయ్యా,

నేను, నా భార్య, మా అమ్మగారు నవంబరు 14వ తేదీ రాత్రి 10 గంటలకు మీ హోటల్‌లో 204వ నంబరు గదిలో దిగాము. పొగ తాగని వారికి కేటాయించే గది కావాలని బుకింగ్ సమయంలోనే కోరాము. ఏసీ వేయగానే కర్టెన్ల నుంచి, దిండ్ల నుంచి సిగరెట్ వాసన వచ్చింది. కర్టెన్ అంచున కాలిన మచ్చ ఉంది. మంచం తలవైపు గోడకు పెయింటు పొక్కులు లేచి, చెమ్మ వాసన వస్తోంది.

10.30 గంటలకు రిసెప్షన్‌లో చెప్పగా, వేరే గది ఖాళీ లేదని చెప్పి, రూమ్ ఫ్రెషనర్ కొట్టించారు. దానివల్ల వాసన తగ్గలేదు. తెల్లవారుజామున 4 గంటలకే దర్శనానికి కొండకు బయలుదేరవలసి ఉన్నందున, ఆ వేళప్పుడు మరో హోటల్ వెతుక్కోలేక, కిటికీ తెరుచుకుని అక్కడే ఉన్నాము. మర్నాడు మధ్యాహ్నం మీ సిబ్బంది మాకు మంచి గది ఇచ్చారు, అందుకు కృతజ్ఞతలు.

కావున మొదటి రాత్రి అద్దె 2,400 రూపాయలలో సగం, అనగా 1,200 రూపాయలు, నేను చెల్లించిన ఖాతాకే ఈ నెల 30వ తేదీలోగా తిరిగి జమ చేయవలసిందిగా కోరుతున్నాను. బిల్లు నకలు, మూడు ఫోటోలు జతపరిచాను.

ఇట్లు,
(సంతకం, ఫోన్ నంబరు)

ఇందులో ఎక్కువగా ఆలోచించవలసింది ఆ 1,200 గురించే. మొత్తం 4,800 అడిగితే, ‘రెండో రాత్రి మంచి గదిలోనే ఉన్నారు కదా’ అని మేనేజరు ఒక్క మాటతో కాదనగలడు. మొదటి రాత్రి అద్దె అంతా అడిగినా, పడుకున్నారు, స్నానాలు చేశారు అన్న జవాబు వస్తుంది. అద్దె తీసుకుని ఇవ్వవలసిన సౌకర్యంలో ఏ భాగం అందలేదో దానికే లెక్క కట్టినప్పుడు, ఆయన తన యజమానికి చూపించుకోగల కారణం కూడా దొరుకుతుంది. సగమే ఎందుకని అడిగితే శాస్త్రీయమైన కొలత ఏదీ లేదు; నిద్ర కోసం తీసుకున్న గదిలో నిద్ర పట్టకపోతే సగం అడగడం న్యాయమే అని నా అభిప్రాయం. ‘తగిన పరిహారం ఇవ్వండి’ అని మాత్రం రాయకండి. అంకె లేని కోరికకు ఒక క్షమాపణ వాక్యం పంపి ఊరుకుంటారు.

రిసెప్షన్‌లో చెప్పిన సమయం రాయడం కూడా అంతే ముఖ్యం. ఆ రాత్రే చెప్పి ఉంటే, సరిచేసే అవకాశం హోటల్‌కు ఇచ్చినట్టు అవుతుంది. ఏమీ చెప్పకుండా గది ఖాళీ చేసి, ఊరు చేరాక రాస్తే ఆ బలం పోతుంది. అప్పుడు అడిగే మొత్తం కూడా తగ్గించుకోవాలి.

రెండో గది బాగుందన్న వాక్యాన్ని తీసేయాలని కొందరికి అనిపిస్తుంది. తీయవద్దు. మంచిని కూడా ఉన్నదున్నట్టు చెప్పినవారి ఫిర్యాదును నమ్మడం తేలిక. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేస్తామన్న మాట మొదటి ఉత్తరంలో వద్దు. గడువు దాటాక రాసే రెండో ఉత్తరంలో దానికి చోటు ఉంది, దాన్ని వచ్చే పాఠంలో రాద్దాం.

అభ్యాసం: ఇదే కుటుంబం రాత్రి ఎవరికీ చెప్పలేదనీ, ఉదయం గది ఖాళీ చేసేటప్పుడు మాత్రమే చెప్పారనీ అనుకుని, ఉత్తరంలోని రెండో, మూడో పేరాలను తిరగరాయండి.